ఒత్తిడిని కొలవాలంటే ముందు ఏ ఒత్తిడో తేల్చుకోవాలి: సినాప్సిస్ రాసేవారికి ఒక పోలిక

ఈ మధ్య ఒకమ్మాయి పీజీ ప్రాజెక్టు సినాప్సిస్ పట్టుకొని వచ్చింది. శీర్షిక బాగానే ఉంది: "హైదరాబాద్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న అభ్యర్థుల్లో ఒత్తిడికీ నిద్రకూ ఉన్న సంబంధం". మూడో పేజీలో ‘ఆపరేషనల్ డెఫినిషన్లు’ అన్న హెడ్డింగ్ కింద ఒక్కటే వాక్యం ఉంది. "ఈ అధ్యయనంలో ఒత్తిడి అంటే పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న అభ్యర్థులు అనుభవించే మానసిక ఒత్తిడి."

ఒత్తిడి అంటే ఒత్తిడి అని తేలింది. "నిఘంటువులో కూడా దాదాపు ఇలాగే ఉంది సార్" అంది. నిఘంటువుకి అది సరిపోతుంది, సినాప్సిస్‌కి చాలదు. ఆ వాక్యం ఒక్కటే చేతిలో పెట్టి రేపు ఇంకొకరిని చిక్కడపల్లి లైబ్రరీ ముందు నిలబెడితే, అక్కడ చదువుకునేవాళ్లను ఏం అడగాలో, వచ్చిన జవాబుకి ఎన్ని పాయింట్లు వేయాలో వాళ్లకు తెలియదు. ఆపరేషనల్ డెఫినిషన్ పని అదే. ఏ సాధనంతో, ఏ కాలానికి సంబంధించి, ఎలా అడిగి, ఎలా లెక్క కట్టామో చెప్పాలి. అది చదివిన కొత్త మనిషి మనల్ని అడగకుండానే అదే కొలత తీయగలగాలి.

ఆ అమ్మాయి ముందు నాలుగైదు దారులున్నాయి. ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఆమె కేసులో నేనెందుకు ఒకదాన్ని ఎంచుకోమన్నానో ఇక్కడ రాస్తున్నాను.

తెలుగులో ‘ఒత్తిడి’ ఒకటి కాదు, మూడు

సాధనాల జోలికి వెళ్లేముందు మనం రోజూ ఈ మాటను ఎలా వాడతామో చూడండి. "ఇంట్లో పెళ్లి ఒత్తిడి ఎక్కువైంది" అంటే ఒత్తిడి బయటినుంచి వస్తోంది, అది కారణం. "నాకీమధ్య బాగా టెన్షన్‌గా ఉంటోంది" అంటే మనసులో అనిపిస్తున్నది. "నాకు బీపీ తెప్పించకు" అంటే, సరదాకి అన్నా సరే, లెక్క ఒంట్లో జరిగేదాని మీదికి పోయింది. పరిశోధకులు కూడా ఈ మూడింటినీ విడివిడిగానే చూస్తారు: ఒత్తిడి పెట్టే పరిస్థితి, దాన్ని మనిషి ఎలా లెక్కగడుతున్నాడన్నది, శరీరం స్పందన. ఒకే పరిస్థితి ఇద్దరికి ఒకేలా అనిపించదని, మనిషి దాన్ని ఎలా అంచనా వేసుకుంటాడన్నదే అసలు సంగతని లాజరస్, ఫోక్‌మన్ 1984లో వివరంగా చెప్పారు. మన ఇళ్లలో కూడా తెలిసిన సంగతే. ఒకే నోటిఫికేషన్ వాయిదా పడితే ఒకడు అన్నం మానేస్తాడు, పక్క బెడ్‌వాడు "హమ్మయ్య, ఇంకో రెండు నెలలు దొరికాయి" అంటాడు.

ఈ మూడూ ఒకదాన్నొకటి కచ్చితంగా పట్టుకొని నడవవు. కష్టాలు ఎక్కువున్నవాళ్లంతా టెన్షన్‌గా ఉన్నామని చెప్పరు. టెన్షన్‌గా ఉన్నామన్నవాళ్లందరికీ లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువ రాదు. కాబట్టి "ఏ స్కేలు మంచిది సార్?" అన్న ప్రశ్న ముందుగా వేస్తే జవాబు దొరకదు. "నా ప్రశ్నకు ఈ మూడిట్లో ఏ ఒత్తిడి కావాలి?" అని మొదలుపెట్టాలి.

ఆమె ప్రశ్న నిద్ర గురించి. మనసులో తిరిగే ఆలోచనలు నిద్రను పాడుచేస్తున్నాయా అన్నది ఆమె అనుమానం. అంటే ఆమెకు కావాల్సింది రెండోది, మనిషికి అనిపిస్తున్న ఒత్తిడి. ఈ ఒక్క నిర్ణయంతో సగం దారులు వాటంతటవే మూసుకుపోయాయి.

మూసుకుపోయిన దారులు

మొదటిది జీవిత సంఘటనల జాబితా. హోమ్స్, రాహే 1967లో 43 సంఘటనలు రాసి ఒక్కోదానికి ఒక్కో బరువు ఇచ్చారు. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్లికి 50. గత ఏడాదిలో మనకు జరిగినవి టిక్ పెట్టి కూడుకోవాలి. ఇది కారణాన్ని కొలుస్తుంది, అనుభవాన్ని కాదు. పైగా అశోక్‌నగర్ హాస్టల్ గదిలో పాతికేళ్ల అభ్యర్థికి ఆ జాబితాలో టిక్ పెట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. అతని కష్టమంతా ఏమీ జరగకపోవడంలోనే ఉంది: నోటిఫికేషన్ రాలేదు, ఫలితం రాలేదు, ఉద్యోగం రాలేదు.

రెండోది కార్టిసాల్. దీని దగ్గర కాసేపు ఆగాలి. ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు విద్యార్థులు దీని మీద మనసు పారేసుకుంటారు. "ప్రశ్నాపత్రం అంటే వాళ్లు చెప్పింది నమ్మాలి కదా సార్, ఇదైతే సైంటిఫిక్" అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. పాత ప్రాజెక్టు ఒకదానిలో విద్యార్థుల నుంచి పొద్దున సరిగ్గా 8 గంటలకు లాలాజలం నమూనాలు తీసుకున్నాం. అందరికీ ఒకే టైమ్ కాబట్టి పక్కాగా చేశామనుకున్నాం. ఫలితాలొచ్చాక చూస్తే కొందరికి విలువలు బాగా ఎక్కువ, కొందరికి బాగా తక్కువ. వాటికీ వాళ్లు చెప్పిన ఒత్తిడికీ పొంతనే లేదు. చివరికి హాజరు కాగితం మీద "ఎన్నింటికి లేచావు" అని ఎవరో మామూలుగా రాయించిన గడి మమ్మల్ని ఆదుకుంది. ఎక్కువ వచ్చినవాళ్లు చాలామంది ఏడున్నరకు లేచి పరుగున వచ్చినవాళ్లు. తక్కువ వచ్చినవాళ్లు నాలుగున్నరకే లేచి చదువుకున్నవాళ్లు.

కారణం ఏమిటంటే, కార్టిసాల్ రోజంతా ఒకేలా ఉండదు. నిద్ర లేచాక దాదాపు 30 నుంచి 45 నిమిషాల మధ్య శిఖరానికి వెళ్తుంది, తర్వాత రోజు గడిచేకొద్దీ దిగుతూ అర్ధరాత్రి ప్రాంతంలో అడుగుకు చేరుతుంది. మేం గడియారాన్ని ఒకటి చేశాం కానీ, లేచిన తర్వాత గడిచిన సమయాన్ని ఒకటి చేయలేదు. మేం కొలిచింది ఒత్తిడిని కాదు, ఎవరు ఎన్నింటికి లేచారన్నదాన్ని. దాని మీద డబ్బు పోయింది, ఒక సెమిస్టర్ పోయింది.

దీన్ని సరిగ్గా చేయాలంటే నమూనా టైమును నిద్ర లేచిన క్షణం నుంచి లెక్కపెట్టాలి. ఒక్క నమూనా చాలదు, రోజులో చాలాసార్లు, ఒకటికి మించిన రోజులు తీయాలి. తీసే ముందు అరగంట తిండి, చాయ్, బ్రష్ చేయడం ఏవీ ఉండకూడదు. పొద్దున లేవగానే చాయ్ దుకాణానికి నడిచే మన అభ్యర్థుల చేత ఇది పాటింపజేయడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. సిగరెట్, ఆస్తమాకు వాడే స్టెరాయిడ్ మందులు, గర్భనిరోధక మాత్రలు, నైట్ షిఫ్టు ఉద్యోగం, ఇవన్నీ విడిగా రాసుకోవాలి. తీసిన నమూనాలను గడ్డకట్టించి దాచడానికి డీప్ ఫ్రీజర్ ఉండాలి. ఇంతా చేశాక, చాలాకాలంగా ఒత్తిడిలో ఉన్నవాళ్లలో కార్టిసాల్ పెరగడానికి బదులు మందగించడం కూడా ఉంటుంది. అంటే ‘ఎక్కువ కార్టిసాల్ = ఎక్కువ ఒత్తిడి’ అని సినాప్సిస్‌లో గుడ్డిగా రాయడానికి లేదు.

మీ ప్రశ్న శరీరం గురించే అయితే, ల్యాబ్ చేతిలో ఉంటే, ఈ దారి పట్టండి. "సైంటిఫిక్‌గా కనిపిస్తుంది" అన్న కారణంతో మాత్రం వద్దు. స్మార్ట్ వాచీలు చూపించే స్ట్రెస్ స్కోరు గురించి కూడా ఇదే మాట. అవి ఎక్కువగా గుండె చప్పుళ్ల మధ్య విరామాల తేడా మీద ఆధారపడతాయి. ఆ స్కోరు ఎలా కడుతున్నారో కంపెనీ పూర్తిగా బయటపెట్టకపోతే, మీ డెఫినిషన్‌లో ‘ఎలా లెక్క కట్టాం’ అన్న చోట ఖాళీ మిగులుతుంది.

సొంతంగా తయారుచేసిన ప్రశ్నాపత్రం

ఆమె మొదట తెచ్చింది ఇదే. 25 ప్రశ్నలు, అవును–కాదు జవాబులు. శ్రద్ధగా రాసింది, భాష కూడా బాగుంది. చదువుతూ పోతే ఏడో ప్రశ్న "రాత్రి పడుకుంటే వెంటనే నిద్ర పట్టదు". పన్నెండోది "పొద్దున లేచేసరికి అలసటగా ఉంటుంది". పద్దెనిమిదోది "అర్ధరాత్రి మెలకువ వస్తుంది". మొత్తం ఐదు ప్రశ్నలు నిద్ర గురించే.

ఇప్పుడు ఈ స్కోరును నిద్ర స్కోరుతో పోలిస్తే సంబంధం తప్పకుండా వస్తుంది, బలంగా కూడా వస్తుంది. ఎందుకు రాదు? ఒకే ప్రశ్నను రెండు కాగితాల మీద రెండుసార్లు అడిగాం కదా. వైవాలో దీన్ని పట్టుకునే ఎగ్జామినర్ ఒక్కరు తగిలినా ప్రాజెక్టు మొత్తం కూలుతుంది. మీ ప్రశ్నాపత్రంలో ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి తేలికైన దారి ఉంది. రెండు సాధనాల ప్రింట్లూ పక్కపక్కన పెట్టుకొని, ఒకదానిలోని ప్రశ్న రెండోదానిలోకి వెళ్లినా ఇమిడిపోతుందా అని ఒక్కోటీ చూసుకుంటూ పోండి. ఇమిడితే అక్కడ ఒక టిక్ పెట్టుకోండి.

సొంత ప్రశ్నాపత్రానికి ఇంకో ఖర్చు ఉంది, అది పైకి కనిపించదు. కొలతలో నిలకడ తక్కువైతే నిజంగా ఉన్న సంబంధం కూడా పలచబడి కనిపిస్తుంది. ఒత్తిడికీ నిద్రకూ అసలు సంబంధం 0.4 అనుకుందాం. రెండు సాధనాల విశ్వసనీయత 0.8 చొప్పున ఉంటే మన డేటాలో కనిపించేది 0.32. ఒత్తిడి సాధనం విశ్వసనీయత 0.4కి పడిపోతే కనిపించేది సుమారు 0.23.

```
0.4 × √(0.8 × 0.8) = 0.32   → సుమారు 75 మంది
0.4 × √(0.4 × 0.8) ≈ 0.23   → సుమారు 151 మంది
```

కుడివైపున్నది ఆ సంబంధాన్ని 5 శాతం స్థాయిలో, 80 శాతం పవర్‌తో, అంటే సంబంధం నిజంగా ఉంటే వందలో 80 సార్లు దొరికేలా, పట్టుకోవడానికి కావాల్సిన మనుషుల సంఖ్య. నిర్వచనం సరిగ్గా లేనందుకు ఫీల్డ్ పని రెట్టింపవుతోంది. ఎండాకాలంలో లైబ్రరీ మెట్ల మీద ఇంకో 76 మందిని బతిమాలుకోవాలి. (ఈ విశ్వసనీయత సంఖ్యలు లెక్క చూపించడానికి వేసుకున్నవి. మీవి మీ పైలట్‌లో తెలుస్తాయి.)

మిగిలిన పోటీ: పీఎస్‌ఎస్-10, డాస్-21

రెండూ పేరున్న ప్రశ్నాపత్రాలే, రెండూ విద్యార్థుల పరిశోధనకు డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. అసలు తేడాలు మూడు.

ఏం అడుగుతాయన్నది మొదటి తేడా. పీఎస్‌ఎస్‌ను, అంటే పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్‌ను, కోహెన్, కమార్క్, మెర్మెల్‌స్టైన్ 1983లో 14 ప్రశ్నలతో ప్రచురించారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 10 ప్రశ్నల రూపం. పరిస్థితులు చేయి దాటిపోతున్నట్టు, అనుకోకుండా మీద పడుతున్నట్టు, మోయలేనంత పేరుకుపోతున్నట్టు ఎంత తరచుగా అనిపించిందని అడుగుతుంది. ఇది లాజరస్ చెప్పిన అంచనాకు దగ్గర. డాస్-21ను ఎస్.హెచ్. లోవిబాండ్, పి.ఎఫ్. లోవిబాండ్ 1995లో తెచ్చిన పెద్ద స్కేలు నుంచి కుదించారు. డిప్రెషన్, ఆందోళన, ఒత్తిడి ఒక్కోదానికి ఏడేసి ప్రశ్నలుంటాయి. అందులో ‘ఒత్తిడి’ అంటే చిరాకు, అతిగా స్పందించడం, ఒళ్లూ మనసూ సడలకపోవడం. పేరు ఒకటే అయినా రెండూ కొలిచేది ఒకటి కాదు.

రెండోది, ఏ కాలం గురించి అన్నది. పీఎస్‌ఎస్ గత నెల గురించి అడుగుతుంది, డాస్ గత వారం గురించి. ఆమె నిద్రకు ఎంచుకున్న సాధనం పీఎస్‌క్యూఐ, అంటే పిట్స్‌బర్గ్ నిద్ర సూచిక. 0 నుంచి 21 వరకు స్కోరు ఇచ్చే ఆ సాధనం కూడా గత నెల నిద్రనే అడుగుతుంది. నెల రోజుల నిద్రను వారం రోజుల ఒత్తిడితో ముడిపెట్టడం ఏప్రిల్ కరెంటు బిల్లును మే ఎండలతో పోల్చినట్టుంటుంది. ఇక్కడ పీఎస్‌ఎస్ వైపు తూకం మొగ్గింది. నిజానికి నా నిర్ణయం ఇక్కడే ఖాయమైపోయింది, మిగతావి నాకు చిన్నవి.

మూడోది బాధ్యత. డాస్ మొత్తం ఇస్తే డిప్రెషన్ ప్రశ్నల్లో జీవితానికి అర్థం లేదనిపించిందా అన్నది కూడా వస్తుంది. దానికి ఒకరు గట్టిగా అవునని టిక్ పెట్టి కాగితం మీ చేతికిచ్చి వెళ్లిపోతే మీరేం చేస్తారు? ఎథిక్స్ కమిటీ అడిగే ప్రశ్న ఇదే. ఎవరికి చెప్పాలి, ఎవరి దగ్గరికి పంపాలి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 కాగితం అడుగున ముద్రించారా, ఇవన్నీ సినాప్సిస్‌లోనే రాయాలి. ఒత్తిడిని డిప్రెషన్ నుంచి వేరుచేయడం మీ ప్రశ్నలో భాగమైతే డాస్ తీసుకోండి, ఈ ఏర్పాటుతో సహా తీసుకోండి. కాకపోతే అవసరం లేని ప్రశ్నలు అడగకపోవడమే మేలు.

రోజువారీ డైరీ అని ఇంకో దారి కూడా ఉంది. రాత్రి పడుకునేముందు ఫోన్‌లో ఒక చిన్న ప్రశ్న, పొద్దున నిద్ర గురించి ఇంకో ప్రశ్న, 14 రోజులు. "ఒత్తిడి ఎక్కువైన రోజు రాత్రి నిద్ర తగ్గుతోందా?" అన్నది మీ ప్రశ్నయితే దీనికి మించింది లేదు. పీఎస్‌ఎస్ ఆ సంగతి ఎప్పటికీ చెప్పలేదు, అది మనుషుల మధ్య తేడా చెబుతుంది గానీ ఒకే మనిషిలో రోజుకూ రోజుకూ తేడా చెప్పదు. కానీ నాలుగో రోజు నుంచి జవాబులు రాలిపోవడం మొదలవుతుంది, విశ్లేషణకు బహుళస్థాయి మోడళ్లు నేర్చుకోవాలి. గైడు దగ్గర ఆ విద్య లేకపోతే పీజీ స్థాయిలో తలకెత్తుకోకండి.

పీఎస్‌ఎస్ ఎంచుకున్నాక పడే గోతులు

మొదటిది స్కోరింగ్. పది ప్రశ్నలకూ 0 నుంచి 4 వరకు జవాబు. అందులో 4, 5, 7, 8 ప్రశ్నలు మంచి మాటలు: సమస్యల్ని నెట్టుకురాగలనన్న ధైర్యం, అనుకున్నట్టు జరుగుతోందన్న భావన లాంటివి. వీటిని తిప్పి లెక్కపెట్టాలి, 0ను 4గా, 1ని 3గా. తిప్పడం మరచిపోతే ఏమవుతుందో ఇద్దరి కాగితాలు ఊహించుకొని చూద్దాం.

మొదటి అభ్యర్థి బాగా నలిగి ఉన్నాడు. ఆరు కష్టపు ప్రశ్నలకు కలిపి 19 వచ్చాయి. నాలుగు మంచి ప్రశ్నలకు ఒక్కోదానికి 1 చొప్పున పెట్టాడు. తిప్పితే అవి 12, మొత్తం 31. తిప్పకపోతే 4, మొత్తం 23. రెండో అభ్యర్థి నిమ్మళంగా ఉన్నాడు. కష్టపు ప్రశ్నలకు 6, మంచి ప్రశ్నలకు మూడేసి. తిప్పితే 4, మొత్తం 10. తిప్పకపోతే 12, మొత్తం 18. ఇద్దరి మధ్య ఉన్న 21 పాయింట్ల దూరం కాస్తా 5 పాయింట్లయింది. డేటా ఫైలు చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, తప్పు ఎక్కడా ఎర్రగా వెలగదు. బయటపడేది ఒక్కచోట: ప్రశ్నల పొందిక చూపే క్రోన్‌బాక్ ఆల్ఫా బాగా పడిపోతుంది, ఆ నాలుగు ప్రశ్నలకూ మొత్తంతో సంబంధం మైనస్‌లో కనిపిస్తుంది. అది కనిపిస్తే జనాన్ని అనుమానించకండి, ముందు ఎక్సెల్‌ను అనుమానించండి.

రెండోది అనువాదం. ఎనిమిదో ప్రశ్నలో ఇంగ్లిష్‌లో ‘ఆన్ టాప్ ఆఫ్ థింగ్స్’ అనే నుడికారం ఉంది. పనులన్నీ నా అదుపులో ఉన్నాయి అని దాని అర్థం. ఆమె స్నేహితురాలు చేసిన అనువాదంలో "విషయాల పైన ఉన్నట్టు" అని పడింది. అది చదివిన అభ్యర్థి పెన్ను నోట్లో పెట్టుకొని "ఏ విషయాల పైన మేడమ్?" అన్నాడట. తమాషా ఏమిటంటే ఆ అనువాదం బ్యాక్ ట్రాన్స్‌లేషన్ పరీక్షలో పాసైంది. వేరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారిస్తే అక్షరాలా ‘ఆన్ టాప్ ఆఫ్ థింగ్స్’ అనే వచ్చింది. మక్కికి మక్కి చేసిన తప్పు తిరుగు ప్రయాణంలో దొరకదు. అందుకని బ్యాక్ ట్రాన్స్‌లేషన్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, పది మందిని కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నా చదివించి "నీకేం అర్థమైందో నీ మాటల్లో చెప్పు" అని అడగాలి.

అలా అడగడానికి నేనూ ఒక సాయంత్రం ఆమెతో చిక్కడపల్లి వెళ్లాను. లైబ్రరీ బయట చాయ్ బండి దగ్గర ఒకతను మూడో ప్రశ్న చదివాడు. అందులో "ఒత్తిడికి గురైనట్టు" అని ఉంది. అర్థమేంటని అడిగితే, "మా నాయన రోజు ఫోన్ జేస్తడు సార్, ఏమన్న వచ్చిందా అని అడుగుతడు. గదే ఒత్తిడి" అన్నాడు. ఫోన్ వచ్చిన రోజులు లెక్కపెట్టి "చాలా తరచుగా" అని టిక్ పెట్టాడు. నీకు ఎలా అనిపిస్తుందని అడిగితే, "నాకేం గాదు, అలవాటైపోయింది" అని నవ్వాడు. మనం మనసులోని టెన్షన్ అడిగామనుకుంటే అతను కారణానికి జవాబిచ్చాడు. మొదట చెప్పుకున్న మూడు అర్థాల చిక్కు చాయ్ బండి దగ్గర మళ్లీ ఎదురొచ్చింది. ఆ వాక్యాన్ని "మీకు కంగారుగా, టెన్షన్‌గా అనిపించింది" అని మార్చాక, తర్వాత చదివిన ఐదుగురూ తమకు అనిపించిన సంగతే చెప్పారు. ఇంగ్లిష్ మాట వద్దని పట్టుబట్టేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు, కానీ ఇక్కడ ‘ఒత్తిడి’ కంటే ‘టెన్షన్’ అనే మాటే సరైన కొలతబద్ద.

మూడోది కటాఫ్. 27, ఆపైన వస్తే తీవ్ర ఒత్తిడి అని ఇంటర్నెట్‌లో పట్టికలు తిరుగుతుంటాయి. పీఎస్‌ఎస్ తయారుచేసినవాళ్లు అలాంటి హద్దులేవీ ఇవ్వలేదు, అది రోగ నిర్ధారణ సాధనం కాదు. 26 వచ్చినవాడికీ 27 వచ్చినవాడికీ మధ్య గోడ కట్టి ఒకణ్ని మధ్యస్థం, ఇంకొకణ్ని తీవ్రం అనడం కంటే స్కోరును స్కోరుగానే వాడుకోవాలి.

నాలుగోది, ‘గత నెల’ ఏ నెల అన్నది. తెలంగాణ గ్రూప్-1 అభ్యర్థుల చరిత్రే తీసుకోండి. 2022 అక్టోబర్ 16న జరిగిన ప్రిలిమ్స్ 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఫిబ్రవరిలో కాగితం నింపినవాడి ‘గత నెల’, మార్చి నెలాఖరులో నింపినవాడి ‘గత నెల’ ఒకటవుతాయా? సగం డేటా రద్దుకు ముందు, సగం తర్వాత తీసుకుంటే తేడా మనుషులది కాదు, తేదీలది అవుతుంది. అందుకే డేటా సేకరణ తేదీల్ని కూడా డెఫినిషన్ పక్కనే రాయమన్నాను. మధ్యలో నోటిఫికేషనో ఫలితమో వస్తే ఆ తేదీ నమోదు చేసుకొని, ముందు–తర్వాత వేరుగా చూడాలి.

సంతోషం మీద రాసేవాళ్లకు రెండు మాటలు

ఇక్కడ కూడా సూత్రం అదే, మన భాష కొంత సాయం కూడా చేస్తుంది. తృప్తి వేరు, సంతోషం వేరని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. జీవితం మొత్తాన్ని వెనక్కి తిరిగి చూసుకొని "పర్లేదు, బాగానే గడిచింది" అనుకోవడం తృప్తి. దానికి డీనర్ బృందం 1985లో ఇచ్చిన ఐదు ప్రశ్నల జీవిత తృప్తి స్కేలు సరిపోతుంది, స్కోరు 5 నుంచి 35. ఈ కొద్దిరోజుల్లో మనసు ఎలా ఉందన్నది కావాలంటే 1988 నాటి పానాస్ లాంటి భావాల జాబితా కావాలి. 0 నుంచి 10 మెట్ల నిచ్చెన మీద నిలబడమనే ఒకే ప్రశ్న పద్ధతి పెద్ద సర్వేలకు బాగుంటుంది, ఎనభై మంది ఉన్న పీజీ ప్రాజెక్టుకు ఒక్క ప్రశ్న మీద అంత భారం వేయడం నాకు ఇష్టం లేదు. మీ శీర్షికలో "సంతోషం" అని ఉండి లోపల తృప్తి స్కేలు ఉంటే శీర్షికను మార్చండి, అంతే.

చివరికి సినాప్సిస్‌లో రాసింది

ఆమె మూడో పేజీలో ఇప్పుడు ఉన్నది ఇది:

"ఈ అధ్యయనంలో ఒత్తిడి అంటే, గడచిన 30 రోజుల్లో తన జీవితం అదుపు తప్పినట్టు, ఊహకందనట్టు, మోయలేనట్టు అభ్యర్థికి ఎంత తరచుగా అనిపించిందన్నది. దీన్ని పీఎస్‌ఎస్-10 తెలుగు రూపంలో అభ్యర్థి స్వయంగా నింపిన జవాబుల మొత్తంగా తీసుకుంటాం. 4, 5, 7, 8 ప్రశ్నలను తిప్పి లెక్కిస్తాం. స్కోరు 0 నుంచి 40 వరకు ఉంటుంది, ఎక్కువ స్కోరు ఎక్కువ ఒత్తిడిని సూచిస్తుంది, వర్గాలుగా విభజించం. ఒక ప్రశ్న వదిలేస్తే మిగతా తొమ్మిదింటి సగటు వేస్తాం, రెండు లేదా అంతకు మించి వదిలితే ఆ కాగితం తీసుకోం. అభ్యర్థి అంటే గత 6 నెలలుగా గ్రూప్-1 లేదా గ్రూప్-2 కోసం చదువుతూ, వారానికి కనీసం 5 రోజులు అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతంలోని లైబ్రరీలో లేదా స్టడీ హాలులో గడిపే, 21 ఏళ్లు నిండిన వ్యక్తి."

చివరి వాక్యం ఆమె సొంతంగా చేర్చింది. ‘అభ్యర్థి’ అన్న మాటకు కూడా నిర్వచనం కావాలని నేను చెప్పలేదు, చాయ్ బండి దగ్గర "నేను ఇప్పుడు ప్రిపేర్ అవట్లేదు మేడమ్, ఏసీ కోసం వచ్చి కూర్చుంటా" అన్న ఒకతను చెప్పాడు. వదిలేసిన ప్రశ్నల సంగతి కూడా ముందే రాసి పెట్టుకోవడం మంచిదైంది. పైలట్‌లో 20 కాగితాలకు మూడిట్లో తొమ్మిదో ప్రశ్న ఖాళీగా వచ్చింది. కారణం అర్థం కాక ప్రింటు తీసి చూస్తే, తొమ్మిది, పది ప్రశ్నలు పేజీ వెనక్కి వెళ్లిపోయాయి. ముగ్గురిలో ఇద్దరు పేజీ తిప్పనే లేదు, కాబట్టి వాళ్లకు పదోదీ లేదు, ఆ రెండు కాగితాలు పక్కన పెట్టేశాం. ఇప్పుడు పదీ ఒకే వైపు వచ్చేలా అక్షరాల సైజు తగ్గించి మళ్లీ ప్రింట్ తీయిస్తోంది.